కూలింగ్‌లో మొదట 2 గంటలు, తర్వాత 4 గంటలు: ఈ లెక్క ఎందుకిలా పెట్టారు?

ప్రశ్న: హోటల్ వంటగదుల్లో ఆహార భద్రత మీద పెట్టే సర్వ్‌సేఫ్ మేనేజర్ పరీక్షకు చదువుతున్నాను. బ్యాక్టీరియా పెరిగే డేంజర్ జోన్ 5 నుంచి 57 డిగ్రీలు, చల్లార్చడానికి మొదట 57 నుంచి 21కి 2 గంటలు, తర్వాత 21 నుంచి 5కి 4 గంటలు, ఇవన్నీ నోటికి వచ్చు. అయినా ప్రాక్టీస్ పేపర్లలో కూలింగ్ ప్రశ్నలే తప్పుతున్నాయి. మొత్తం 6 గంటలు అని ఒకటే లిమిట్ పెడితే పోయేది కదా, మధ్యలో ఈ 21 ఎందుకు? వేడిగా ఉంచడానికి 57 చాలంటే మళ్లీ వేడి చేసేటప్పుడు 74 ఎందుకు? ఎవరైనా కాస్త వివరంగా చెప్తారా?

జవాబు: 5 నుంచి 57 దాకా ప్రతి డిగ్రీ దగ్గరా ప్రమాదం ఒకేలా ఉంటుంది అనుకుంటే ఈ రూల్స్ ఏవీ అర్థం కావు. పుస్తకంలో ఎర్రరంగు వేసి చూపించే ఆ థర్మామీటర్ బొమ్మ వల్ల చాలామందికి ఆ అభిప్రాయం పడిపోతుంది. 7 డిగ్రీల్లో ఉన్న గ్రేవీ, 45 డిగ్రీల్లో ఉన్న గ్రేవీ రెండూ డేంజర్ జోన్‌లోనే ఉన్నాయి. కానీ 7 దగ్గర బ్యాక్టీరియా రెట్టింపు కావడానికి గంటలకు గంటలు పడుతుంది, కొన్నయితే అసలు పెరగవు. 45 దగ్గర పది నిమిషాల్లో రెట్టింపయ్యే రకాలున్నాయి. జోన్ లోపల 21 నుంచి 52 దాకా ఉన్న ముక్కే అసలు గండం, మీ పుస్తకంలో 70 నుంచి 125 ఫారెన్‌హీట్ అని విడిగా రాసి ఉంటుంది చూడండి. మిగతా అంకెలన్నీ ఈ ముక్క చుట్టూ అల్లినవే. (నేను డిగ్రీలంటే సెల్సియస్ అనే అర్థం. పరీక్ష పేపర్‌లో ఫారెన్‌హీట్ వస్తే 135, 70, 41 గుర్తుపెట్టుకోండి, మళ్లీ వేడి చేసేది 165.)

ఇప్పుడు ఇంకో సందేహం రావాలి. వండిన పదార్థం కదా, ఉడికినప్పుడే అన్నీ చచ్చిపోయి ఉంటాయి, చల్లారేటప్పుడు పెరగడానికి ఏం మిగిలుంటుంది? మిగిలేవి స్పోర్లు. కొన్ని బ్యాక్టీరియా గట్టి పెంకులాంటి కవచంలో ముడుచుకుని ఉంటాయి, మామూలుగా మరిగించినంత మాత్రాన వాటికి ఏమీ కాదు. కూలింగ్ రూల్ వెనక ముఖ్యంగా ఉన్నది క్లాస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియా. మాంసం, గ్రేవీలు, పెద్ద గిన్నెల్లో చేసే వంటలు దీనికి ఇష్టమైన చోట్లు. దీని కథ విచిత్రంగా ఉంటుంది: మన వంట దీన్ని చంపదు సరికదా, దీనికి దారి సుగమం చేస్తుంది. వేడి తగలగానే నిద్రలో ఉన్న స్పోర్లు లేచే స్థితికి వస్తాయి. ఉడికేటప్పుడు లోపలి ఆక్సిజన్ బయటికి పోతుంది, ఆక్సిజన్ లేని చోటే దీనికి కావాలి. పోటీకొచ్చే మామూలు బ్యాక్టీరియా అంతా ఆ వేడికి చచ్చిపోయి ఉంటుంది. అంటే స్టవ్ మీంచి దించిన చిక్కటి గ్రేవీ గిన్నె, 50 కిందికి దిగే సమయానికి, దీనికోసం ప్రత్యేకంగా సిద్ధం చేసిపెట్టినట్టే ఉంటుంది.

ఒకసారి లెక్క వేసి చూడండి. గ్రాముకి 10 కణాలు మేలుకున్నాయనుకుందాం. 43 నుంచి 47 డిగ్రీల మధ్య, మాంసంలాంటి పదార్థంలో, ఇది సుమారు 10 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. గంటకి ఆరు రెట్టింపులు, అంటే 64 రెట్లు. రెండు గంటలకి 12 రెట్టింపులు, 4,096 రెట్లు, గ్రాముకి 41 వేల దగ్గర. మూడు గంటలకి 18 రెట్టింపులు, గ్రాముకి 26 లక్షలు దాటిపోతుంది. మనిషికి జబ్బు చేయాలంటే మామూలుగా గ్రాముకి పది లక్షల స్థాయిలో ఉన్న బతికున్న కణాలు కడుపులోకి వెళ్లాలి. అక్కడ పేగుల్లో అవి మళ్లీ స్పోర్లుగా మారుతూ విషం వదులుతాయి, తిన్న 6 నుంచి 24 గంటల్లో కడుపునొప్పి, విరేచనాలు. ఇప్పుడు గమనించండి, రెండో గంటకీ మూడో గంటకీ మధ్యనే వ్యవహారం తేలిపోతోంది. నిజానికి గిన్నె రెండు గంటలూ 45 దగ్గరే కూర్చోదు, స్పోరు మేలుకోవడానికి కొంత సమయం కూడా పడుతుంది, కాబట్టి ఇది చెడ్డవైపు పెట్టుకున్న లెక్క. రూల్ రాసేవాళ్లు పెట్టుకోవాల్సింది కూడా చెడ్డవైపు లెక్కే.

దీన్నిబట్టి 21 ఎందుకొచ్చిందో మీకే తెలిసిపోతుంది. 6 గంటలు అని ఒకటే లిమిట్ ఉంటే ఏమవుతుంది? వంట మనిషి గిన్నెను మూడు గంటలు టేబుల్ మీద వదిలేసి, అది 45 దగ్గర బద్ధకంగా దిగుతుంటే చూసి, ఆఖర్లో ఐసు పోసి హడావుడిగా 5కి దించేసి "6 గంటల్లో అయిపోయింది" అనొచ్చు. కాగితం మీద పాస్, గిన్నెలో మాత్రం లక్షల్లో కణాలు. ఆ అవకాశం లేకుండా అమెరికా ఆహార భద్రతా నిబంధనల పుస్తకమైన ఫుడ్ కోడ్, గండం ఉన్న ముక్కకి విడిగా గడియారం పెట్టింది: 57 నుంచి 21కి 2 గంటల్లోపు దిగాలి, మొత్తం 57 నుంచి 5కి 6 గంటల్లోపు దిగాలి. పరీక్ష కూడా ఈ తేడా మీకు తెలుసో లేదో చూస్తుంది కాబట్టే ప్రశ్నల్లో మొత్తం సమయం 6 గంటల్లోపే ఉండి మొదటి దశ తప్పిన కేసులు ఇస్తారు. మీ తప్పుల్లో సగం ఇక్కడివే అయి ఉంటాయని నా అనుమానం.

రెండో దశకి డిగ్రీలు తక్కువ, సమయం ఎక్కువ, అదెందుకు అని కూడా చాలామంది అడుగుతారు. మొదట్లో 36 డిగ్రీలు దిగడానికి 2 గంటలు, తర్వాత 16 డిగ్రీలకే 4 గంటలా? ఒక కారణం మీకు తెలిసిందే, 21 కింద పెరుగుదల బాగా నెమ్మదిస్తుంది, పెర్‌ఫ్రింజెన్స్ అయితే 12 డిగ్రీల కిందికి వచ్చాక దాదాపు ఆగిపోతుంది. రెండో కారణం చల్లారే పద్ధతిలోనే ఉంది. పదార్థానికీ చుట్టూ ఉన్న గాలికీ తేడా ఎంత ఎక్కువుంటే అంత వేగంగా వేడి పోతుంది, తేడా తగ్గేకొద్దీ వేగం తగ్గుతుంది. కూలర్‌లో గాలి 3 డిగ్రీలనుకోండి. 57లో ఉన్నప్పుడు తేడా 54. 21కి వచ్చేసరికి తేడా 18, అంటే మూడో వంతు. దీనికి 2 గంటలు పట్టిందనుకుందాం. ఇంకో 2 గంటలకి ఆ 18 మళ్లీ మూడో వంతై 6 అవుతుంది, పదార్థం 9 డిగ్రీలకి వస్తుంది. ఇంకో 2 గంటలకి 6 కాస్తా 2 అవుతుంది, పదార్థం 5 డిగ్రీలు. సరిగ్గా 2, 2, 2. రూల్ ఇలా లెక్కేసి పెట్టారని నేననడం లేదు, కానీ 2+4 అనే ఏర్పాటు చల్లారే స్వభావానికి ఎంత దగ్గరగా ఉందో చూడండి.

ఇదే లెక్కలో కూలర్‌ని ఒక్క డిగ్రీ పెంచి 4 చేయండి. అదే గిన్నె, అదే 2 గంటలు: తేడా 53 నుంచి మూడో వంతుకి, దాదాపు 17.7కి వస్తుంది, అంటే పదార్థం 21.7. మొదటి దశ కొద్దిలో తప్పింది. 6 గంటలకి తేడా సుమారు 2, పదార్థం 6 డిగ్రీలు. రెండో దశ కూడా తప్పింది. కూలర్ 4లో ఉండటం తప్పేమీ కాదు, నిల్వకి అది చక్కగా సరిపోతుంది. కానీ నిల్వ ఉంచడం వేరు, చల్లార్చడం వేరు. వాక్-ఇన్ కూలర్లను చల్లగా ఉన్నవాటిని చల్లగా ఉంచడానికే కట్టారు, వేడి గిన్నె లోపల పెట్టగానే లోపలి గాలి 3 నుంచి 6కో 7కో పోతుంది, పక్కనున్న పాలు, మాంసం కూడా వేడెక్కుతాయి. అప్పుడు పై లెక్క ఇంకా దారుణంగా తప్పుతుంది. "వేడి వంటను నేరుగా కూలర్‌లో పెట్టొచ్చా" అనే ప్రశ్న పరీక్షలో రకరకాల వేషాల్లో రావడానికి కారణం ఇదే.

పైగా ఆ లెక్క గిన్నె అంతా ఒకే ఉష్ణోగ్రతలో ఉందనుకుని వేసింది. చిక్కటి పదార్థంలో అలా ఉండదు. 20 లీటర్ల గ్రేవీ ఉన్న లోతైన గిన్నెలో రెండు గంటల తర్వాత గోడ పక్కన థర్మామీటర్ ప్రోబ్ పెడితే 22 చూపించొచ్చు, అదే ప్రోబ్‌ని మధ్యలోకి, సగం లోతుకి దింపితే అంకె పెరుగుతూ పెరుగుతూ పోయి 45 దగ్గర ఆగుతుంది. ఒకసారి గరిటతో అడుగు నుంచి బాగా కలిపి మళ్లీ పెట్టండి, ఆ రెండంకెల మధ్య ఏదో 38 అని వస్తుంది. ఈ మూడింట్లో లాగ్ బుక్కులో ఏది రాయాలి? చల్లారేటప్పుడు రాయాల్సింది అన్నిటికన్నా మందంగా ఉన్న చోటి అంకె, అంటే నడిమధ్యది. ఎందుకంటే పెర్‌ఫ్రింజెన్స్ గోడ పక్కన పెరగదు, నడుమ పెరుగుతుంది. కలిపితే మంచిదే, కలపడం వల్ల నిజంగానే త్వరగా చల్లారుతుంది, కానీ కలపకుండా అంచు దగ్గర కొలిచి రాసిన 22 మాత్రం అబద్ధం.

మందం విషయం ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే పరీక్షలో "వీటిలో త్వరగా చల్లార్చే పద్ధతి ఏది" అని అడిగేది దీని గురించే. కదలని చిక్కటి పదార్థంలో వేడి లోపల్నుంచి బయటికి పాకుతూ రావాలి, దానికి పట్టే సమయం మందానికి కాదు, మందం వర్గానికి తగ్గట్టు పెరుగుతుంది. అంటే 5 సెంటీమీటర్ల లోతు ట్రేలో గంట పట్టేది 10 సెంటీమీటర్ల లోతులో సుమారు నాలుగు గంటలు పడుతుంది. అందుకే పెద్ద గిన్నెలోంచి లోతు తక్కువ ట్రేలలోకి పోయమంటారు, పెద్ద మాంసం ముక్కలను చిన్నవిగా కోయమంటారు. ఐసు నీళ్లలో గిన్నె దింపి కలపడం, నీళ్లు గడ్డకట్టించిన ఐస్ ప్యాడిల్‌తో కలపడం, సూపైతే వంటలో కొంత నీరు తగ్గించి ఆఖర్లో ఆ మేరకు ఐసే కలపడం, చల్లటి గాలిని జోరుగా ఊదే బ్లాస్ట్ చిల్లర్, ఇవన్నీ సరైన సమాధానాలే. ఐసు చుట్టూ ఉంటే చాలదు, ఐసూ నీళ్లూ కలిసి ఉండాలి, గిన్నెలో పదార్థం ఎంత ఎత్తు ఉందో ఆ నీళ్లు కూడా అంత ఎత్తుకు రావాలి. ట్రేలను ఒకదాని మీద ఒకటి పేర్చి, మూతలు గట్టిగా బిగించి పెట్టడం తప్పు సమాధానం. చల్లారేదాకా మూత వదులుగా వేయాలి, పైనుంచి ఏమీ పడే అవకాశం లేకపోతే తీసేయొచ్చు కూడా.

ఇక పరీక్ష ప్రశ్నలకి వద్దాం. ఒక గిన్నె సూప్‌ని మధ్యాహ్నం 12:30కి 85 డిగ్రీల్లో స్టవ్ మీంచి దించారు. 1:15కి 57, 3:00కి 21. ఇది పాసా ఫెయిలా? చాలామంది 12:30 నుంచి లెక్కపెట్టి రెండున్నర గంటలైందని ఫెయిల్ అంటారు. గడియారం మొదలయ్యేది దించినప్పుడు కాదు, 57కి దిగినప్పుడు. 57 పైన జబ్బు తెచ్చేవేవీ పెరగవు కాబట్టి ఆ 45 నిమిషాలు మీ ఖాతాలో పడవు. 1:15 నుంచి 3:00 అంటే గంటా ముప్పావు, మొదటి దశ పాస్. ఇప్పుడు 5కి ఎప్పటిలోపు రావాలి? ఇక్కడ రెండో ఉచ్చు ఉంది. 3:00కి 4 గంటలు కలిపి 7:00 అంటారు. కానీ రూల్ మొత్తం 6 గంటలు అంటుంది, మొదటి దశలో మిగిల్చిన పావుగంట రెండో దశకి చేరుతుంది, కాబట్టి 7:15. మొదటి దశ గంటలో అయిపోతే రెండోదానికి 5 గంటలుంటాయి. దీన్ని తిరగేసి మాత్రం వాడకూడదు, రెండో దశ త్వరగా చేసేస్తాం కదా అని మొదటి దశలో రెండు గంటలు దాటడానికి లేదు.

ఇంకో కేసు. 2:00కి 57, 4:00కి 26. ఏం చేయాలి? ఆప్షన్లలో "ఫ్రీజర్‌లో పెట్టాలి" అని ఒకటుంటుంది, చూడగానే అదే తెలివైన పనిలా అనిపిస్తుంది. తప్పు. రెండు గంటలు అప్పటికే అయిపోయాయి, పెరగాల్సినవి పెరుగుతూ ఉన్నాయి, చలి వాటిని ఆపుతుందే కానీ చంపదు. సరైన జవాబు: వెంటనే 74 డిగ్రీలకి వేడి చేసి 15 సెకన్లు ఉంచి మళ్లీ మొదట్నుంచి చల్లార్చాలి, లేదంటే పారేయాలి. ఇప్పుడు మీరడిగిన 74 సంగతి ఇక్కడ తేలుతుంది. స్పోరు రూపంలో ఉన్నంతసేపే పెర్‌ఫ్రింజెన్స్ గట్టిది, మొలకెత్తి పెరగడం మొదలుపెట్టిన కణం చాలా సున్నితం, 74 దగ్గర హాయిగా చచ్చిపోతుంది. అది పదార్థంలో ముందుగా విషం తయారుచేసి పెట్టే రకం కాదు, కణాల్ని చంపేస్తే సమస్య తీరినట్టే. అంటే మళ్లీ వేడి చేయడం అనేది ఆ రెండు గంటల పెరుగుదలని తుడిచేసి గడియారాన్ని సున్నాకి తిప్పడం. 57 ఆ పని చేయలేదు, 57 కేవలం పెరగనివ్వదు. ఒకటి ఆపే అంకె, రెండోది చంపే అంకె, రెండూ రెండు వేర్వేరు పనులకి పెట్టినవి.

మరి రెండో దశ తప్పితే? 2:00కి 57, 3:45కి 21, రాత్రి 8:00కి 9. ఇక్కడ మళ్లీ వేడి చేసే అవకాశం లేదు, పారేయడమే జవాబు. "9 డిగ్రీలేగా, ఇంకో అరగంటలో 5కి వస్తుంది" అనిపిస్తుంది, నాకూ ఆ బాధ తెలుసు, అంత వంటను చెత్తలో పోయడం ఎవరికీ ఇష్టముండదు. కానీ ఆరు గంటలు గడిచాక మీ భయం ఒక్క పెర్‌ఫ్రింజెన్స్ గురించే కాదు. బాసిల్లస్ సీరియస్ కూడా స్పోర్లుగా వంటను తట్టుకుంటుంది, ముఖ్యంగా అన్నంలాంటి వాటిలో, పైగా అది పదార్థంలోనే వాంతులు తెప్పించే విషాన్ని తయారు చేస్తుంది. ఆ విషం 74 కాదు కదా, గంటసేపు మరిగించినా పోదు. స్టఫైలోకాకస్ ఆరియస్ అయితే చల్లారేటప్పుడు చేతులనుంచో గరిటనుంచో చేరుతుంది, దాని విషం కూడా మరిగిస్తే పోయే రకం కాదు. కణాల్ని చంపి విషాన్ని వదిలేసే వేడి వల్ల ప్రయోజనం లేదు. అందుకే మొదటి దశలో వేడి చేసి బాగుచేసుకోవచ్చు, రెండో దశ దాటాక బాగుచేయడం ఉండదు. ఇదే కారణంతో మొదటి దశ తప్పిందని ఐదు గంటల తర్వాత తెలిస్తే కూడా పారేయాల్సిందే. వేడి చేసుకునే అవకాశం రెండు గంటల దగ్గర కొలిచి పట్టుకున్నవాడికే, ఎప్పుడో చూసుకున్నవాడికి కాదు.

వేడిగా ఉంచే 57 సంగతి. పెర్‌ఫ్రింజెన్స్ పెరగగలిగే పై హద్దు సుమారు 52 డిగ్రీలు, ఇలాంటి జబ్బులు తెచ్చే వాటిలో ఇంత వేడిలో పెరిగేవి తక్కువ. దానిమీద ఐదు డిగ్రీలు అదనంగా పెట్టుకుంటే 57. ఆ ఐదు దేనికంటే, మీ థర్మామీటర్ ఒక డిగ్రీ అటూ ఇటూ చూపించొచ్చు, వంటను ఆవిరితో వేడిగా ఉంచే స్టీమ్ టేబుల్‌లో అడుగున 65 ఉండి పైపొర 58 ఉండొచ్చు, గరిట పెట్టిన ప్రతిసారీ కొంత వేడి పోతుంది. అమెరికాలో 2001 ఫుడ్ కోడ్‌లో ఇది 60 డిగ్రీలు, అంటే 140 ఫారెన్‌హీట్, 2005 కోడ్‌లో 57. బ్రిటన్‌లో ఇప్పటికీ 63, ఆస్ట్రేలియాలో 60. బ్యాక్టీరియా దేశాన్నిబట్టి మారదు, ఎంత అదనం పెట్టుకోవాలనే నిర్ణయమే మారుతుంది. మీరు రాసే పరీక్ష ఏ దేశానిదో ఆ అంకే రాయండి. పాత పుస్తకం చదివి 140 అని రాసి మార్కు పోగొట్టుకున్నవాళ్లు బోలెడు. ఇంకో చిన్న విషయం, పరీక్షలో రాకపోవచ్చు: నిర్దేశించిన పద్ధతిలో వండిన పెద్ద రోస్ట్ మాంసాన్ని 54 డిగ్రీల్లోనే ఉంచొచ్చని ఫుడ్ కోడ్ ఒప్పుకుంటుంది. 54 కూడా 52 పైనే ఉంది కాబట్టి ఆశ్చర్యం లేదు.

స్టీమ్ టేబుల్ మీద పెట్టే ప్రశ్నల్లో ఎప్పుడూ ఉండే తప్పు ఆప్షన్ ఒకటుంది: చల్లటి సూప్‌ని నేరుగా స్టీమ్ టేబుల్‌లో పెట్టి 57కి రానివ్వడం. కూలర్‌లోంచి తీసిన సూప్ 5 నుంచి పైకెక్కుతూ మళ్లీ అదే 21 నుంచి 52 దాకా ఉన్న గండం గుండానే వెళ్లాలి, ఈసారి కింద నుంచి పైకి. స్టీమ్ టేబుల్‌కి అంత శక్తి ఉండదు, గంటలు గంటలు ఆ మధ్యలోనే తిప్పుతుంది. అందుకే స్టవ్ మీదో ఓవెన్‌లోనో రెండు గంటల్లోపు 74కి తీసుకెళ్లి, ఆ తర్వాతే టేబుల్‌లోకి మార్చాలి.

వేడిగా ఉంచేదాన్ని కనీసం 4 గంటలకోసారి కొలవాలి, 2 గంటలకోసారి కొలిస్తే మేలు అని పుస్తకంలో ఉంటుంది, ఆ రెండంకెల మధ్య తేడా మీద కూడా ప్రశ్నలొస్తాయి. ఉదయం 11కి 60 ఉంది. మధ్యాహ్నం 1కి కొలిస్తే 52. ఎప్పుడు పడిపోయిందో తెలియదు కానీ ఎంత చెడ్డగా చూసినా రెండు గంటలకి మించి కింద లేదు, కాబట్టి 74కి వేడి చేసి మళ్లీ పెట్టొచ్చు. అదే మనిషి 11 తర్వాత మధ్యాహ్నం 3 దాకా కొలవలేదనుకోండి, అప్పుడూ 52 వచ్చింది. ఎప్పుడు పడిపోయిందో ఇప్పుడూ తెలియదు, కానీ 11:05కే పడిపోయి ఉండొచ్చు, అంటే నాలుగు గంటలు. పారేయాలి. సూప్‌లో తేడా లేకపోవచ్చు, తేడా అంతా మీకు తెలిసిన దాంట్లో ఉంది. తెలియని సమయాన్ని ఎప్పుడూ చెడ్డవైపే లెక్కపెట్టాలి, పరీక్షలో "ఎంతసేపు ఉందో తెలియదు" అన్న మాట కనిపిస్తే దాదాపు ఎప్పుడూ జవాబు పారేయడమే.

ఇక్కడ తెలివైనవాళ్లు ఒక మెలిక పట్టుకుంటారు. వేడి పదార్థాన్ని ఏ వేడీ లేకుండా 4 గంటల దాకా బయట ఉంచి వడ్డించొచ్చని, ఆ తర్వాత మిగిలింది పారేయాలని కూడా ఫుడ్ కోడ్‌లో ఒక వెసులుబాటు ఉంది, ముందే రాతపూర్వక పద్ధతి ఉండి, గిన్నె మీద సమయం రాస్తేనే. మరి అక్కడ 4 గంటలు ఒప్పుకున్నవాళ్లు కూలింగ్‌లో 2 గంటలకే గొడవ చేస్తారెందుకు? ఎందుకంటే ఆ 4 గంటల పదార్థం కథ 4 గంటలకే ముగుస్తుంది, తినేస్తారు లేదా పారేస్తారు. చల్లార్చిన పదార్థం కథ అప్పుడే మొదలవుతుంది. 5 డిగ్రీల్లో ఏడు రోజుల దాకా ఉంటుంది, ఆ చలిలో కూడా లిస్టీరియా అనే బ్యాక్టీరియా నెమ్మదిగా పెరుగుతూనే ఉంటుంది, మధ్యలో మూతలు తీస్తారు, గరిటలు పెడతారు, మళ్లీ వేడి చేసేటప్పుడు ఇంకోసారి గండం దాటుతుంది. ముందు ముందు ఇన్ని ఖర్చులున్నాయి కాబట్టి మొదట్లోనే ఎక్కువ ఖర్చు పెట్టనివ్వరు.

చివరిగా మేనేజర్ పరీక్షలో కూలింగ్ లాగ్ చూపించి "ఇందులో తప్పేంటి" అని అడిగే రకం ఉంది. దాంట్లో మొదట చూడాల్సింది 57 గీత ఎక్కడ దాటిందో రాశారా లేదా అని. చాలా లాగ్‌లు "2:00, 80 డిగ్రీలు" అని మొదలై "4:00, 30 డిగ్రీలు" అని ఉంటాయి, 57కి ఎప్పుడొచ్చిందో ఎక్కడా ఉండదు, అలాంటి లాగ్‌తో మొదటి దశ పాసో ఫెయిలో చెప్పలేరు. రెండోది, అంకెలు మరీ అందంగా ఉన్నాయా అని. నిజం గిన్నెలు 2 గంటలకి 19కో 23కో వస్తాయి, ఆరో గంటకి 4కో 5కో వస్తాయి. ప్రతి రోజూ, ప్రతి పదార్థమూ సరిగ్గా రెండు గంటలకి 21, సరిగ్గా ఆరు గంటలకి 5 అని రాసి ఉన్న లాగ్‌ని ఏ ఇన్‌స్పెక్టరూ నమ్మడు, పలచని సూపూ, చిక్కటి గ్రేవీ ఒకే నిమిషానికి 21 చేరడం జరగని పని. అలాంటి పేజీ కనిపిస్తే ఆ ఇన్‌స్పెక్టర్ చేసే మొదటి పని కూలర్ తెరిచి, వెనక వరసలో ఉన్న అన్నిటికన్నా లోతైన గిన్నె మూత తీసి, నడిమధ్యలో తన ప్రోబ్ దించడం.